బ్రేక్ ఈవెన్ చార్టు, పి/వి గ్రాఫు ఎలా గీయాలి: పలాస జీడిపప్పు లెక్కతో

శ్రీకాకుళంలో కామర్స్ చదివే పిల్లల నుంచి ఏటా వచ్చే ప్రశ్న ఇది: "మాస్టారూ, లాభమూ నష్టమూ లేని బ్రేక్ ఈవెన్ అమ్మకం ఫార్ములాతో 3,000 కిలోలు వస్తోంది. గ్రాఫులో మాత్రం ఒకసారి 2,700, ఒకసారి 3,300 వస్తోంది. ఏది రాయాలి?" చిన్న యూనిట్లు నడుపుతూ సొంతంగా లెక్క చూసుకునేవాళ్లూ ఇదే అడుగుతారు. ఇలా రావడానికి గీసేవాళ్ల చేతి పొరపాటు కొంత కారణమే, కానీ అసలు కారణం లెక్కలోనే ఉంది. కిలోకి మిగిలేది తక్కువగా ఉండే వ్యాపారాల్లో అమ్మకాల గీత, ఖర్చు గీత ఇంచుమించు ఒకే వాలులో నడుస్తాయి. ఎక్కడ కలిశాయో కంటికి సరిగా ఆనదు. ఎంత అమ్మితే ఎంత లాభమో ఒకే గీతలో చూపే పి/వి గ్రాఫు ఆ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. ఒకే లెక్కతో రెండూ గీసి చూపిస్తాను.

కావలసినవి

మిల్లీమీటరు గళ్ల గ్రాఫు పేపర్లు రెండు, 30 సెంటీమీటర్ల స్కేలు, బాగా చెక్కిన గట్టి పెన్సిలు. స్కేలు చిన్నదైతే ఒక గీతను రెండు ముక్కలుగా గీయాల్సి వస్తుంది, అతుకు దగ్గర వంకర వస్తుంది. పెన్సిలు ముక్కు మొద్దుబారితే ఎంత తప్పు వస్తుందో కింద లెక్కతో సహా చూస్తారు.

మన లెక్క

పలాసలో ఒక చిన్న జీడిపప్పు యూనిట్ అనుకుందాం. నెలకు 6,000 కిలోల పప్పు తీయగలదు. తీసిన పప్పంతా ఆ నెలే అమ్ముడుపోతుంది. కింది అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని వేసినవి, ఇవాళ్టి మార్కెట్ ధరలు కావు.

| | తక్కువ అమ్మిన నెల | ఎక్కువ అమ్మిన నెల |
|---|---|---|
| అమ్మిన పప్పు | 2,000 కిలోలు | 5,000 కిలోలు |
| అమ్మకాలు | ₹16,00,000 | ₹40,00,000 |
| మొత్తం ఖర్చు | ₹17,20,000 | ₹37,60,000 |
| లాభం / నష్టం | ₹1,20,000 నష్టం | ₹2,40,000 లాభం |

1. ముందు ఖర్చును రెండుగా విడగొట్టండి

అమ్మకం పెరిగేకొద్దీ పెరిగేవి చర ఖర్చులు: జీడి పిక్కల ఖరీదు, కిలో లెక్కన ఇచ్చే కొట్టుడు కూలీ, పొట్టు తీసే కూలీ, టిన్నులు. ఎంత తీసినా తీయకపోయినా కట్టాల్సినవి స్థిర ఖర్చులు: షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం, మెషీన్ల తరుగుదల, లోను వడ్డీ.

పైన ఇచ్చినట్టు మొత్తం ఖర్చు ఒక్కటే తెలిస్తే రెండు నెలల తేడా తీయండి. అదనంగా 3,000 కిలోలు అమ్మినప్పుడు ఖర్చు ₹20,40,000 పెరిగింది. భాగిస్తే కిలోకి ₹680 చర ఖర్చు. తక్కువ నెలలో 2,000 కిలోలకు ఇది ₹13,60,000. మొత్తం ₹17,20,000 లోంచి తీసేస్తే స్థిర ఖర్చులు ₹3,60,000.

ధర కిలోకి ₹800 కాబట్టి చర ఖర్చు పోగా కిలోకి మిగిలే కంట్రిబ్యూషన్ ₹120. ధరలో దాని వాటా, అంటే పి/వి రేషియో, 15 శాతం.

ఇక్కడే రెండు చోట్ల పప్పులో కాలేస్తారు. మొదటిది, పిక్కలు కొన్న నెలలోనే ఖర్చంతా రాసేయడం. పిక్కలు వేసవిలో దిగుతాయి. అప్పుడు కొని నిలవ పెట్టుకుని నెలల తరబడి కొడతారు. కొన్న డబ్బంతా ఆ ఒక్క నెల ఖాతాలో వేస్తే పైన చేసిన తీసివేతకు అర్థం ఉండదు. ఆ నెల అమ్మిన పప్పుకు ఎన్ని పిక్కలు వాడారో వాటి ఖరీదే ఆ నెల ఖర్చు. రెండోది, రెండు నెలల మధ్యలో అద్దెగానీ జీతాలుగానీ మారాయేమో చూడకపోవడం. మారితే ఆ తేడా కూడా చర ఖర్చులో కలిసిపోతుంది.

సరిచూసుకోవడానికి మూడో నెల అంకెలు దొరికితే మంచిది. ఉదాహరణకు 4,000 కిలోలు అమ్మిన నెలలో ఖర్చు ₹27,20,000 కి ₹3,60,000 కలిపి ₹30,80,000 దగ్గర్లో ఉండాలి. బాగా దూరంగా ఉంటే గ్రాఫు జోలికి పోకండి, ముందు ఖర్చుల విభజన మళ్లీ చూడండి.

2. బ్రేక్ ఈవెన్ చార్టుకు స్కేలు ఎంచుకోండి

అడ్డంగా కిలోలు: 1 సెంటీమీటరు = 500 కిలోలు. 6,000 కిలోలకు 12 సెంటీమీటర్లు పడుతుంది. నిలువుగా రూపాయలు: 1 సెంటీమీటరు = ₹4 లక్షలు. ₹48 లక్షలకు ఇదీ 12 సెంటీమీటర్లే. స్కేలు ఏమిటో పేపరు మూల రాయండి. పరీక్షలో దీనికి మార్కు ఉంటుంది, ఇంట్లో అయితే నెల తర్వాత చూసినప్పుడు మీకే పనికొస్తుంది.

రెండు అక్షాలూ సున్నా దగ్గరే మొదలవ్వాలి. స్థలం కలిసొస్తుందని నిలువు అక్షాన్ని ₹10 లక్షల దగ్గర మొదలుపెడితే స్థిర ఖర్చు గీత పేపరు మీదే ఉండదు.

3. మూడు గీతలు గీయండి

స్థిర ఖర్చు గీత: నిలువు అక్షం మీద ₹3.6 లక్షలు, అంటే 0.9 సెంటీమీటర్ల ఎత్తులో గుర్తు పెట్టి కుడిచివరి దాకా అడ్డంగా గీయండి.

మొత్తం ఖర్చు గీత: ఇది సున్నా దగ్గర మొదలవ్వదు. పప్పు ఒక్క కిలో తీయకపోయినా అద్దె కట్టాలి కదా, అందుకని అదే 0.9 సెంటీమీటర్ల గుర్తు దగ్గర మొదలవుతుంది. రెండో చివర 6,000 కిలోల దగ్గర: చర ఖర్చు ₹40.8 లక్షలు, స్థిర ఖర్చు ₹3.6 లక్షలు, మొత్తం ₹44.4 లక్షలు, అంటే 11.1 సెంటీమీటర్లు. ఈ రెండు గుర్తులనూ కలపండి.

అమ్మకాల గీత: సున్నా మూల నుంచి 6,000 కిలోల దగ్గర ₹48 లక్షల గుర్తుకి, అంటే 12 సెంటీమీటర్ల ఎత్తుకి.

గీతకు కావలసిన రెండు గుర్తులూ ఎప్పుడూ రెండు చివర్లలోనే పెట్టుకోండి. 2,000 దగ్గర ఒకటి, 2,500 దగ్గర ఒకటి పెట్టి స్కేలు ఆనించి సాగదీస్తే గుర్తులో వచ్చిన చిన్న తేడా చివరికి వెళ్లేసరికి పెద్దదవుతుంది.

మొత్తం ఖర్చు గీతను సున్నా దగ్గర మొదలుపెట్టడమే నేను ఎక్కువగా చూసే తప్పు. అది జరిగిందని కనిపెట్టడం తేలిక: రెండు గీతలూ మూల దగ్గర తప్ప ఇంకెక్కడా కలవవు, మొదటి కిలో నుంచే లాభం కనిపిస్తుంది. అలాంటి వ్యాపారం ఉంటే చెప్పండి, నేనూ వాటా పెడతాను.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ముందు చర ఖర్చు గీతను సున్నా నుంచి గీసి, దానికి సమాంతరంగా ₹3.6 లక్షల ఎత్తున మొత్తం ఖర్చు గీత గీస్తారు. అప్పుడు అమ్మకాల గీతకూ చర ఖర్చు గీతకూ మధ్య ఉన్న దూరమే కంట్రిబ్యూషన్, అది కుడివైపు పోయేకొద్దీ ఎలా పెరుగుతుందో కనిపిస్తుంది. ప్రశ్నలో కంట్రిబ్యూషన్ చూపించమంటే ఇలా గీయండి. బ్రేక్ ఈవెన్ పాయింట్ మాత్రం ఎటు గీసినా అదే.

4. చార్టు చదవండి, ఎంత నమ్మాలో కూడా తెలుసుకోండి

అమ్మకాల గీత, మొత్తం ఖర్చు గీత కలిసిన చోటు నుంచి కిందికి నిలువుగా దిగితే 3,000 కిలోలు, ఎడమకి అడ్డంగా వెళితే ₹24 లక్షలు రావాలి. ఆ చోటుకు ఎడమవైపు రెండు గీతల మధ్య ఉన్నది నష్టం, కుడివైపు ఉన్నది లాభం. 5,000 కిలోలు అమ్మిన నెలకి మార్జిన్ ఆఫ్ సేఫ్టీ 2,000 కిలోలు. అంటే అమ్మకాలు ఇంకో 40 శాతం పడిపోయేదాకా నష్టం రాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మన స్కేలులో అమ్మకాల గీత ప్రతి సెంటీమీటరుకు 1 సెంటీమీటరు లేస్తుంది. ఖర్చు గీత 0.85 సెంటీమీటరు లేస్తుంది. తేడా సెంటీమీటరుకు 0.15 మాత్రమే. ఖర్చు గీత మొత్తం ఒక్క మిల్లీమీటరు కిందకి జరిగిందనుకోండి. 0.1ని 0.15తో భాగిస్తే 0.67. అంటే కలిసే చోటు సుమారు ఆరేడు మిల్లీమీటర్లు ఎడమకి పోతుంది. కిలోల్లో అది 330. మీకు 2,670 కనిపిస్తుంది. ఒక మిల్లీమీటరు పైకి జరిగితే 3,330 కనిపిస్తుంది. పిల్లలకు వచ్చే 2,700, 3,300 అంకెలు ఇవే. మొద్దు పెన్సిలు గీత మందమే దాదాపు మిల్లీమీటరు ఉంటుంది, ఇక మిగతాది మీరే ఊహించుకోండి.

కాబట్టి పి/వి రేషియో తక్కువున్న లెక్కల్లో ఈ చార్టును నష్టం ఏ వైపు, లాభం ఏ వైపు, ఖర్చులో స్థిర భాగం ఎంత అని చూపించడానికి వాడండి. కచ్చితమైన అంకెను దీన్నుంచి కొలిచి చెప్పకండి. కంట్రిబ్యూషన్ ధరలో సగం ఉండే లెక్కల్లో గీతలు విశాలంగా కోసుకుంటాయి, అక్కడ ఈ గొడవ ఉండదు.

గీత సరిగా ఉందో లేదో తెలియడానికి రెండు కొలతలు చాలు. సున్నా దగ్గర రెండు గీతల మధ్య దూరం 0.9 సెంటీమీటర్లు, అది స్థిర ఖర్చు. 6,000 కిలోల దగ్గర దూరం కూడా 0.9 సెంటీమీటర్లే, అది అక్కడి లాభం ₹3.6 లక్షలు. మన లెక్కలో బ్రేక్ ఈవెన్ సరిగ్గా సగం దగ్గర ఉంది కాబట్టి రెండూ సమానమయ్యాయి. మీ లెక్కలో సమానం కానక్కర్లేదు, కానీ కుడిచివర దూరం మీరు లెక్క కట్టిన లాభంతో సరిపోవాలి.

5. పి/వి గ్రాఫు గీయండి

ఇందులో అమ్మకాలు, ఖర్చులు విడిగా ఉండవు. ఎంత అమ్మితే ఎంత లాభమో చూపే ఒకే గీత. అది సున్నా గీతను ఎక్కడ దాటిందో చూస్తే చాలు.

రెండో పేపరులో నిలువు అక్షాన్ని ఎడమవైపు గీయండి. అడ్డ అక్షాన్ని అడుగున గీయకండి, మధ్యలో గీయండి. దాని పైన 6 సెంటీమీటర్లు లాభానికి, కింద 6 సెంటీమీటర్లు నష్టానికి వదలాలి. అడుగున గీస్తే నష్టం చూపించడానికి చోటు ఉండదు. కొందరు అప్పుడు గీతను సున్నా మూల నుంచి మొదలుపెట్టేస్తారు, దాంతో గ్రాఫంతా తప్పవుతుంది.

అడ్డంగా అమ్మకాలు: 1 సెంటీమీటరు = ₹4 లక్షలు. నిలువుగా లాభనష్టాలు: 1 సెంటీమీటరు = ₹60,000.

తమాషా ఏమిటంటే దీనికి ఖర్చులు విడగొట్టాల్సిన పని కూడా లేదు. పట్టికలోని రెండు నెలలు చాలు. ₹16 లక్షల అమ్మకం, ₹1.2 లక్షల నష్టం: కుడికి 4 సెంటీమీటర్లు, కిందికి 2 సెంటీమీటర్లు, ఒక గుర్తు. ₹40 లక్షల అమ్మకం, ₹2.4 లక్షల లాభం: కుడికి 10, పైకి 4, ఇంకో గుర్తు. రెండూ కలిపి గీతను ఎడమకి నిలువు అక్షం తగిలేదాకా, కుడికి ₹48 లక్షల దాకా పొడిగించండి.

ఎడమవైపు ఆ గీత నిలువు అక్షాన్ని సున్నాకి 6 సెంటీమీటర్లు కింద తాకాలి. అంటే ₹3.6 లక్షలు. అమ్మకం సున్నా అయితే నష్టం స్థిర ఖర్చంత ఉంటుంది. మొదటి మెట్టులో మీరు తీసిన అంకె, ఇక్కడ తగిలిన అంకె ఒకటే అయితే రెండు పద్ధతులూ ఒకదానికొకటి సాక్ష్యం. తేడా వస్తే ఎక్కువసార్లు తప్పు గుర్తులు పెట్టడంలో ఉంటుంది: నష్టాన్ని పైకి గుర్తు పెట్టి ఉంటారు, లేదా అడ్డంగా రూపాయల బదులు కిలోలు వేసి ఉంటారు.

6. ఇందులోంచి చదవండి

గీత అడ్డ అక్షాన్ని 6 సెంటీమీటర్ల దగ్గర దాటుతుంది: ₹24 లక్షలు. ఇక్కడ గీత ఒక మిల్లీమీటరు పైకో కిందికో జరిగినా దాటే చోటు కూడా ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది. ₹40,000 అమ్మకం, అంటే 50 కిలోలు. చార్టులో 330 కిలోల తప్పు చేయించిన అదే మిల్లీమీటరు ఇక్కడ 50తో సరిపెట్టుకుంటుంది. చార్టులో ₹48 లక్షల దాకా చూపించాల్సిన నిలువు అక్షం ఇక్కడ ₹3.6 లక్షల లాభం, ₹3.6 లక్షల నష్టం మాత్రమే చూపిస్తోంది, అందుకే స్కేలును అంత పెద్దది చేయగలిగాం.

₹1.8 లక్షల లాభం కావాలంటే ఎంత అమ్మాలి? నిలువు అక్షం మీద 3 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అడ్డంగా గీత దాకా వెళ్లి కిందికి దిగండి. 9 సెంటీమీటర్లు, అంటే ₹36 లక్షలు, 4,500 కిలోలు. సరిచూడటానికి స్థిర ఖర్చు ₹3.6 లక్షలకు ₹1.8 లక్షలు కలిపి 15 శాతంతో భాగించండి: ₹36 లక్షలే.

మార్జిన్ ఆఫ్ సేఫ్టీని కూడా ఇక్కడే సరిచూసుకోవచ్చు. ₹40 లక్షల అమ్మకంలోంచి ₹24 లక్షలు తీస్తే ₹16 లక్షలు. దానిలో 15 శాతం ₹2.4 లక్షలు, పట్టికలోని లాభమే.

ఒక హెచ్చరిక. మన గీత 45 డిగ్రీల వాలులో వచ్చింది. అది మనం ఎంచుకున్న స్కేలు వల్ల వచ్చింది, వ్యాపారం అంత బాగుందని కాదు. రెండు యూనిట్ల గ్రాఫులు పక్కపక్కన పెట్టి ఎవరి వాలు ఎక్కువని పోల్చాలంటే స్కేళ్లు ఒకటే అయి ఉండాలి. చార్టులో అమ్మకాల గీత, మొత్తం ఖర్చు గీత కలిసే చోట ఏర్పడే ఇన్సిడెన్స్ కోణానికీ ఇదే మాట వర్తిస్తుంది.

7. మార్పులు వస్తే ఏ గీత ఎటు కదులుతుంది

అద్దె నెలకు ₹60,000 పెరిగిందనుకోండి. పి/వి గీత వాలు మారదు, మొత్తం గీత 1 సెంటీమీటరు కిందికి దిగుతుంది. ఎడమ చివర ₹4.2 లక్షలు, దాటే చోటు ₹28 లక్షలు, 3,500 కిలోలు.

పిక్కల ధర పెరిగి చర ఖర్చు కిలోకి ₹30 పెరిగితే ఎడమ చివర కదలదు, గీత అక్కడే కాలు పెట్టుకుని చదునవుతుంది. కంట్రిబ్యూషన్ ₹90, ₹48 లక్షల దగ్గర లాభం ₹1.8 లక్షలే. ఎడమ చివర ₹3.6 లక్షల నష్టం నుంచి ఆ గుర్తుకి గీస్తే కొత్త గీత ₹32 లక్షల దగ్గర దాటుతుంది, 4,000 కిలోలు.

అమ్మే ధర ₹30 తగ్గినా కంట్రిబ్యూషన్ ₹90, బ్రేక్ ఈవెన్ 4,000 కిలోలే. కానీ కిలో ₹770 కాబట్టి రూపాయల్లో అది ₹30.8 లక్షలు. అడ్డ అక్షం రూపాయల్లో ఉన్నప్పుడు దీన్ని చూసి "ధర తగ్గితే ఖర్చు పెరిగినదానికన్నా నయం" అనుకునేవాళ్లున్నారు. నయమేమీ కాదు, అమ్మాల్సిన బరువు అంతే. ఆ గీత కుడి చివర కూడా ₹48 లక్షల దగ్గర కాకుండా 6,000 కిలోలకు వచ్చే ₹46.2 లక్షల దగ్గరే ఆపాలి. ధర మారే ప్రశ్నల్లో అడ్డ అక్షాన్ని కిలోల్లో పెట్టుకోవడమే మేలు.

ఎక్సెల్‌లో గీసేవాళ్లకు

మొదటి వరుసలో శీర్షికలు, A2 నుంచి కిలోలు పెట్టండి. తర్వాతి కాలమ్స్‌లో వరుసగా అమ్మకాలు, మొత్తం ఖర్చు, లాభం:

```
B2: =A2*800
C2: =360000+A2*680
D2: =B2-C2
```

కిందికి లాగాక చార్టు రకం `Scatter with Straight Lines` ఎంచుకోండి. `Line` ఎంచుకుంటే 0, 2000, 5000, 6000 అనే అంకెలను అది సమాన దూరాల్లో పేర్చేస్తుంది. తిన్నగా ఉండాల్సిన గీతలు విరిగి కనిపిస్తాయి. మీ గీత ఎక్కడైనా మోకాలు వంచినట్టు కనిపిస్తే ముందు ఇదే చూడండి. పి/వి గ్రాఫుకు B, D కాలమ్స్ చాలు.

గీతలు ఎంతవరకు నిజం

₹800 అన్నది సగటు ధర. గుండు పప్పు, బద్ద, ముక్క ఒక్కో ధరకి పోతాయి. కొట్టుడులో ఎక్కువ విరిగి బద్దలు పెరిగిన నెలలో సగటు పడిపోతుంది, అప్పుడు పాత గీత ఆ నెలకి పనికిరాదు. గ్రేడ్ల వాటా గణనీయంగా మారితే కొత్త సగటు కట్టి మళ్లీ గీయాలి.

స్థిర ఖర్చు ₹3.6 లక్షలు 6,000 కిలోల వరకే. అంతకు మించి తీయాలంటే ఇంకో డ్రయ్యరో షెడ్డో కావాలి, అప్పుడు స్థిర ఖర్చు గీత మెట్టులా పైకి లేస్తుంది. అందుకే గీతలను 6,000 దగ్గర ఆపేయండి. పేపరులో ఖాళీ ఉంది కదా అని 9,000 దాకా సాగదీసి అక్కడి లాభం చదివితే ఆ డబ్బు పేపరు మీద తప్ప ఎక్కడా ఉండదు.